నిన్నటి లిస్టు ఎక్కడుంది? ఉపాధి హామీ జాబ్ కార్డుల లెక్కకి రోజువారీ స్నాప్‌షాట్

ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రోజూ మారే లెక్క ఒకటి ఉందనుకోండి. ఈరోజు ఓపెన్ చేస్తే ఈరోజు లెక్క కనపడుతుంది. మరి నిన్న ఎంత ఉంది? మొన్న ఎవరి పేరు ఉంది, ఈరోజు ఎవరి పేరు లేదు? ఇది ఆ వెబ్‌సైట్ చెప్పదు. నిన్నటి కాపీ మన దగ్గర ఉంటేనే తెలుస్తుంది. తారీకు వేసి దాచుకునే ఆ కాపీనే స్నాప్‌షాట్ అంటాం.

ఉదాహరణకి మనకు బాగా తెలిసినదే తీసుకుంటాను, ఉపాధి హామీ. మన ముప్పాళ్ళ వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ కరువు పని అనే అంటారు. జాబ్ కార్డులో ఎవరెవరి పేర్లున్నాయి, ఎవరు ఎన్ని రోజులు చేశారు, ఎంత డబ్బు పడింది అనేది ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో పంచాయతీ వారీగా ఎవరైనా చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు. ఆ వివరాలు జనానికి కనపడాలని చట్టమే చెప్పింది.

ఎందుకు ఇదే ఉదాహరణ?

2023 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి లోక్‌సభలో ఒక లెక్క చెప్పారు. ఉపాధి హామీ కూలీల జాబితాల నుంచి 2021-22లో తీసేసిన పేర్లు దేశం మొత్తం మీద సుమారు 1.49 కోట్లు. 2022-23లో అవి సుమారు 5.18 కోట్లు. మన ఆంధ్రప్రదేశ్ సంగతి చూడండి. ముందు ఏడాది 6.25 లక్షలు, తర్వాతి ఏడాది 78 లక్షలు. తెలంగాణలో 61 వేల నుంచి 17 లక్షలు దాటింది.

కారణాలు కూడా చెప్పారు. బోగస్ కార్డు, ఒకే మనిషికి రెండు కార్డులు, పని చేయడానికి ఇష్టం లేకపోవడం, కుటుంబం శాశ్వతంగా ఊరు వదిలి వెళ్లడం, చనిపోవడం. ఇవన్నీ నిజంగా జరిగేవే. చనిపోయిన వాళ్ల పేరు తీసేయాల్సిందే, అందులో తప్పేం లేదు.

కానీ అదే సమయంలో ఇంకోటి నడుస్తోంది. కూలి డబ్బు ఆధార్ ఆధారంగానే వేయాలని 2023 జనవరి 30న కేంద్రం ఆదేశం ఇచ్చింది. గడువు చాలాసార్లు పొడిగించి, చివరికి 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. అంటే ఆ ఏడాది పొడవునా ప్రతి ఆఫీసు మీదా ఒకటే ఒత్తిడి: మీ దగ్గర ఎంత శాతం కూలీలకి ఆధార్ లింక్ అయింది? ఈ శాతం దగ్గరే స్నాప్‌షాట్ ఏం చేయగలదో చూద్దాం.

80 శాతం 93 ఎలా అయింది?

ఇప్పుడు స్క్రీన్ మీద చూపించే అంకెలు లెక్క అర్థమవడానికి నేను వేసుకున్నవి. ఏ ఊరి అసలు అంకెలూ కావు.

ఒక పంచాయతీలో ఫిబ్రవరి 1న కూలీల పేర్లు 1000. ఆధార్ లింక్ అయినవాళ్లు 800. అంటే 80 శాతం. మరుసటి రోజు పేజీ తెరిస్తే మొత్తం పేర్లు 862, లింక్ అయినవాళ్లు 802. అంటే 93 శాతం.

రెండో రోజు పేజీ మాత్రమే చూసినవాళ్లకి ఏమనిపిస్తుంది? ఒక్క రోజులో 80 నుంచి 93కి వచ్చారు, బాగా పని చేశారు అనిపిస్తుంది. మొదటి రోజు మొత్తాలు కూడా తెలిసినవాళ్లకి ఇంకొంచెం అర్థమవుతుంది: 138 మంది తగ్గారు. కానీ పేర్లతో సహా మొదటి రోజు లిస్టు మొత్తం దాచుకున్నవాళ్లకి అసలు సంగతి తెలుస్తుంది.

రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి పేరుకి పేరు పోల్చారు. నిన్న ఉండి ఈరోజు లేనివాళ్లు 150. నిన్న లేకుండా ఈరోజు కొత్తగా వచ్చినవాళ్లు 12. 1000లో 150 తీసి 12 కలిపితే 862. సరిపోయింది. అంటే 138 అనేది పైకి కనపడే తేడా మాత్రమే. దాని వెనక పోయిన 150 మంది, వచ్చిన 12 మంది వేరువేరుగా ఉన్నారు.

ఇప్పుడు ఆ 150 మందిని చూడండి. వాళ్లలో 140 మందికి ఆధార్ లింక్ లేదు, 10 మందికి ఉంది. కాబట్టి నిన్నటి 800లో మిగిలింది 790. కొత్తగా వచ్చిన 12 మందికీ లింక్ ఉంది. 790కి 12 కలిపితే 802. ఇదీ సరిపోయింది. మరి నిన్న లింక్ లేకుండా ఉన్న 200 మంది పాతవాళ్లలో ఈరోజు కొత్తగా లింక్ అయింది ఎంతమందికి? ఒక్కరికి కూడా కాదు. 140 మంది లిస్టులోంచి పోయారు, 60 మంది అలాగే ఉన్నారు.

అర్థమైంది కదా? శాతం పెరగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పైన ఉన్న అంకె పెంచడం, అంటే నిజంగా లింక్ చేయించడం. రెండోది, కింద ఉన్న అంకె తగ్గించడం, అంటే లింక్ లేనివాళ్ల పేర్లు తీసేయడం. పేజీ మీద రెండూ ఒకేలా కనపడతాయి. రెండు రోజుల పేర్ల లిస్టు ఉంటేనే ఏది జరిగిందో చెప్పగలం.

కాపీ ఎలా తీసుకోవాలి?

స్క్రీన్‌షాట్ చాలదా అంటారు. చూపించడానికి బాగుంటుంది గానీ పోల్చడానికి పనికిరాదు. వెయ్యి పేర్లంటే నలభై, యాభై స్క్రీన్‌షాట్లు అవుతాయి. వాటిని కంటితో ఎంతసేపని పోలుస్తాం? కాబట్టి రెండు రకాలుగా దాచండి.

మొదటిది, పేజీని ఉన్నది ఉన్నట్టు. ఫోన్‌లో క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే పేజీ మొత్తం ఒక ఫైల్‌గా వస్తుంది. ఈ ఫైల్‌ని ముట్టుకోకూడదు. అక్షరం కూడా దిద్దకూడదు. ఇదే మన సాక్ష్యం.

రెండోది, ఆ టేబుల్‌ని కాపీ చేసి గూగుల్ షీట్స్‌లో పేస్ట్ చేయడం. ప్రతిరోజుకీ ఒక కొత్త ట్యాబ్. నిన్నటి ట్యాబ్ మీద ఈరోజుది వేయకూడదు. కొందరు తెలివిగా షీట్‌లో వెబ్‌పేజీ లింక్ ఇచ్చి, దానంతట అదే తెచ్చుకునేలా `IMPORTHTML` ఫార్ములా పెడతారు. ఈరోజు లెక్క చూడటానికి అది బాగానే ఉంటుంది, కానీ అది స్నాప్‌షాట్ కాదు. అది మళ్లీ తెచ్చుకున్న ప్రతిసారీ పాత అంకెలు పోతాయి. దాన్ని వాడితే, వచ్చిన టేబుల్‌ని కాపీ చేసి వేరే ట్యాబ్‌లో విలువలుగా మాత్రమే పేస్ట్ చేయండి.

ఫైల్ పేరు ఇలా పెట్టండి:

```
muppalla_jobcards_2023-02-01_2100.mhtml
muppalla_jobcards_2023-02-02_2100.mhtml
```

ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, చివర టైమ్. ఇలా రాస్తే ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతట అవే తారీకు వరసలో నిలబడతాయి. రోజు ముందు పెడితే ఫిబ్రవరి 1, మార్చి 1, ఏప్రిల్ 1 అన్నీ ఒకచోట చేరి గందరగోళం అవుతుంది.

ఇందులో రాసే తారీకు మనం పేజీ చూసిన తారీకు. ఇది ముఖ్యం. ప్రతి లెక్కకీ రెండు తారీకులుంటాయి. ఆ లెక్క ఏ రోజుల గురించి అనేది ఒకటి. ఆ లెక్క మనకి ఏ రోజు కనపడింది అనేది రెండోది. జనవరి నెల పనిదినాలు ఫిబ్రవరి 1న చూస్తే 5000 ఉండొచ్చు, ఫిబ్రవరి 10న చూస్తే అదే జనవరికి 5400 ఉండొచ్చు. మస్టర్ ఆలస్యంగా ఎక్కిస్తే అలా అవుతుంది. అది మోసం అని వెంటనే అనలేం. కానీ ఫిబ్రవరి 1న ఏం కనపడిందో దాచుకోకపోతే, వెనక్కి వెళ్లి 400 పనిదినాలు కలిపారన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఫోన్ నిండిపోతుందేమో అని భయం వద్దు. వెయ్యి పేర్ల టేబుల్ అంటే, ఒక్కో వరసకి వంద అక్షరాలు వేసుకున్నా దాదాపు 100 కేబీ. ఏడాదికి 36 ఎంబీ. పేజీ ఫైల్ దానికి కొన్ని రెట్లు ఉన్నా, మనం వాట్సాప్‌లో దాచుకునే వీడియోల ముందు అదెంత?

పోల్చడం ఎలా?

పేరుతో పోల్చకండి. ఒక ఊళ్లో వెంకటేశ్వర్లు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. పైగా ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు ఒకసారి ఒకలాగా, ఇంకోసారి ఇంకోలాగా ఎక్కుతుంది. స్పెల్లింగ్ దిద్దితే చాలు, పాత మనిషి పోయినట్టు, కొత్త మనిషి వచ్చినట్టు కనపడుతుంది.

జాబ్ కార్డ్ నంబరు ఒక కుటుంబానికి ఒకటే. ఆ కార్డులో ఒక్కో మనిషికి ఒక్కో వరస సంఖ్య ఉంటుంది. ఈ రెండూ కలిపితే ఒక్క మనిషికే చెందే గుర్తు తయారవుతుంది. షీట్‌లో కార్డు నంబరు B కాలమ్‌లో, వరస సంఖ్య C కాలమ్‌లో ఉన్నాయనుకోండి. A కాలమ్‌లో ఇది రాయండి:

```
=B2&"|"&C2
```

రెండు రోజుల ట్యాబ్‌లలోనూ ఇలాగే చేయాలి. తర్వాత ఫిబ్రవరి 1 ట్యాబ్‌లో ఒక ఖాళీ కాలమ్‌లో ఇది:

```
=IF(COUNTIF('2023-02-02'!A:A,A2)=0,"లేదు","ఉంది")
```

కిందిదాకా లాగండి. "లేదు" అని వచ్చినవాళ్లంతా నిన్న ఉండి ఈరోజు పోయినవాళ్లు. ఇదే ఫార్ములా ట్యాబ్ పేరు మార్చి ఫిబ్రవరి 2 ట్యాబ్‌లో వేస్తే, అక్కడ "లేదు" అని వచ్చినవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు. రెండింట్లోనూ ఉన్నవాళ్లకి మాత్రం మిగతా కాలమ్‌లు, అంటే పేరు, ఆధార్ స్థితి లాంటివి మారాయేమో చూడాలి. పోయినవి, వచ్చినవి, మారినవి. ఈ మూడు కుప్పలుగా విడగొడితే పని అయిపోయినట్టే.

చివరలో కూడిక సరిచూడండి. నిన్నటి మొత్తంలోంచి పోయినవి తీసి, వచ్చినవి కలిపితే ఈరోజు మొత్తం రావాలి. రాకపోతే టేబుల్‌లో ఎక్కడో ఒకే గుర్తు రెండుసార్లు ఉంది, లేదా పేస్ట్ చేసేటప్పుడు కొన్ని వరసలు జారిపోయాయి. అది తేలేదాకా ఎవరికీ ఏమీ చెప్పకండి.

తేడా వచ్చినంత మాత్రాన తప్పు జరిగినట్టేనా?

కాదు. మూడు సందర్భాల్లో తేడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది, పేజీ సగమే లోడ్ అవడం. సిగ్నల్ పోయినా, సర్వర్ మొరాయించినా టేబుల్ మధ్యలో ఆగిపోతుంది. మనం చూసుకోకుండా సేవ్ చేస్తే మూడొందల మంది పేర్లు పోయినట్టు వస్తుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. పోయినవాళ్లంతా లిస్టు చివర్లో ఒకే వరసలో ఉంటారు. నిజంగా తీసేసిన పేర్లు అలా వరసగా ఉండవు, అక్కడక్కడా చెదిరి ఉంటాయి. అందుకే ప్రతిరోజూ గంట తేడాతో రెండుసార్లు తీసుకోమంటాను. రెండో కాపీలో పేర్లు మళ్లీ కనపడితే అది లోడింగ్ సమస్య.

రెండోది, నంబర్లే మారిపోవడం. మన ముప్పాళ్ళ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. ఆరోజు నుంచి నరసరావుపేట కేంద్రంగా వచ్చిన పల్నాడు జిల్లాలో ఉంది. జాబ్ కార్డ్ నంబరులో జిల్లా, మండలం, పంచాయతీ కోడ్‌లు కలిసి ఉంటాయి. ఇలా జిల్లాలు విడగొట్టినప్పుడు ఏ పోర్టల్‌లో అయినా కోడ్ మారిందంటే, పోల్చినప్పుడు ఊరంతా పోయినట్టు, అంతమందే కొత్తగా వచ్చినట్టు చూపిస్తుంది. పోయినవి, వచ్చినవి రెండూ దాదాపు మొత్తానికి సమానంగా ఉంటే కోడ్ మార్పేనేమో చూడండి. పాత కోడ్ పక్కన కొత్త కోడ్ రాసుకున్న చిన్న టేబుల్ ఉంటే మళ్లీ పోల్చుకోవచ్చు.

మూడోది, ఏప్రిల్ 1. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి పనిదినాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మార్చి 31 ఫైల్‌ని ఏప్రిల్ 1 ఫైల్‌తో పనిదినాల మీద పోల్చడంలో అర్థం లేదు. పేర్ల మీద మాత్రం పోల్చొచ్చు.

ఈ మూడూ కాదని తేలాక మిగిలిన పేర్లే అసలు విషయం. స్నాప్‌షాట్ ఒక్కటే చెప్పగలదు: ఈ పేరు ఆ రోజు ఉంది, ఈ రోజు లేదు. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అనేది అది చెప్పదు. దానికి ఊళ్లోకి వెళ్లాలి.

మళ్లీ మన ఉదాహరణకి వద్దాం. పోయిన 150 మందిలో కొందరికి కారణం "పని చేయడానికి ఇష్టం లేదు" అని రాసుందనుకోండి. వాళ్ల కార్డు నంబర్లు తీసుకుని జనవరి మస్టర్లలో వెతకండి. మూడు వారాల క్రితం పలుగు, పార పట్టుకుని పనికొచ్చిన మనిషికి ఫిబ్రవరి 2న ఇష్టం లేకుండా పోయిందా? "చనిపోయారు" అని రాస్తే ఇంటికెళ్లి పలకరించండి. పేరు తీయాలంటే విచారణ చేయాలి, గ్రామసభ ముందు పెట్టాలి. ఏ తారీకున పెట్టారో ఆ తీర్మానం కాపీ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మీ దగ్గర తారీకు ఉంది కాబట్టి "ఫిబ్రవరి 1కి, 2కి మధ్య తీసేసిన ఈ కార్డు నంబర్లు" అని సూటిగా అడగగలరు. "ఈమధ్య చాలా పేర్లు పోయాయి" అని అడిగితే వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది.

మన ఫైల్‌ని ఎవరు నమ్ముతారు?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఫైల్ మన ఫోన్‌లో ఉంది, మనమే నాలుగు పేర్లు కలిపామని ఎవరైనా అనొచ్చు. అందుకని ఫైల్ తీసుకున్న రాత్రే దాని హ్యాష్ తీయండి. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర అనుకోండి. ఫైల్‌లో ఒక్క అక్షరం మార్చినా అది పూర్తిగా మారిపోతుంది. ఫోన్‌లో టెర్మక్స్ యాప్ ఉంటే, ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి ఈ ఒక్క లైన్ చాలు:

```
sha256sum muppalla_jobcards_2023-02-01_2100.mhtml
```

64 అక్షరాల వరస ఒకటి వస్తుంది. దాన్ని అదే రాత్రి మీ ఊళ్లో నలుగురున్న వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే, అందరి ముందూ అదే ఫైల్‌కి మళ్లీ హ్యాష్ తీయండి. ఆ రోజు గ్రూపులో పడ్డ వరసతో కలిస్తే, ఆ రాత్రి తర్వాత ఫైల్‌ని ఎవరూ ముట్టుకోలేదని తేలుతుంది. అయితే ఆ రాత్రికి ముందే మార్చారేమో అన్న అనుమానాన్ని ఇది తీర్చదు. దానికి మందు, ఇద్దరు వేరువేరు మనుషులు వేరువేరు ఫోన్లలో కాపీ తీసుకోవడం. ఇద్దరి పేర్ల లిస్టులూ కలిస్తే వాదన నిలబడుతుంది.

ఈ ఫైళ్లు ఎవరికి ఉపయోగం? సామాజిక తనిఖీకి. ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభకి ఆ హక్కు ఇచ్చింది. దాని కోసమే 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. తనిఖీ బృందం ఊరికి వచ్చేసరికి పని జరిగి నెలలు గడిచిపోతాయి. వాళ్లు పోర్టల్ తెరిస్తే కనపడేది ఆ రోజు లిస్టు. ఆ లిస్టులో లేని మనిషి గురించి వాళ్లకి ఎవరు చెప్పాలి? తారీకు వేసిన మీ పాత లిస్టు చేతికిస్తే, ఏ ఇంటి తలుపు కొట్టాలో వాళ్లకి తెలుస్తుంది.

ఇంకో రెండు మాటలు. ఆ లిస్టుల్లో మనుషుల పేర్లున్నాయి. పోల్చడానికి దాచుకోండి, తనిఖీలో ఇవ్వండి, అంతేగానీ మొత్తం లిస్టు తీసుకెళ్లి నలుగురికీ ఫార్వర్డ్ చేయకండి. బయటికి చెప్పాల్సింది లెక్క. పేరు చెప్పాలంటే ఆ మనిషిని అడిగి చెప్పండి.

రెండోది, స్నాప్‌షాట్ వెనక్కి పనిచేయదు. ఈరోజు మొదలుపెడితే రేపటి నుంచే పోల్చగలం, పోయిన ఏడాదిని తిరిగి తీసుకురాలేం. ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పథకం మారేటప్పుడు పాత లిస్టులోంచి కొత్త లిస్టులోకి ఎవరెవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కావాలంటే పాత లిస్టు మన దగ్గర ఉండాలి. మీ పంచాయతీ పేజీ ఈ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, పదింటికి ఒకసారి సేవ్ చేయండి. రేపు మళ్లీ అదే టైమ్‌కి.

వచ్చే ఎపిసోడ్‌లో మస్టర్ రోల్ చదవడం ఎలాగో, ఏ కాలమ్‌లో ఏముంటుందో చూద్దాం. ఉంటాను మరి.